గంపగుత్తా, ఖర్చు మీద కమీషనా, రోజు లెక్కా? ఇల్లు కట్టేముందు తేల్చుకోవాల్సిన సంగతి

మా బావ ఖమ్మంలో ఇల్లు కట్టుకుందామని ముగ్గుర్ని రేటు అడిగాడు. మొదటాయన "చదరపు అడుగుకి రెండు వేలండీ, మెటీరియల్ అంతా నాదే, తాళం చెవి మీ చేతిలో పెడతా" అన్నాడు. రెండో ఆయన "బిల్లులు మీరే కట్టుకోండి సార్, నేను దగ్గరుండి చేయిస్తా, అయిన ఖర్చు మీద పది శాతం ఇవ్వండి చాలు" అన్నాడు. మూడో ఆయన ఇంకా తేలిగ్గా తేల్చేశాడు: "మేస్త్రీకి రోజుకి పన్నెండొందలు, కూలీకి ఎనిమిదొందలు. సామాను మీది, పని మాది."

బావ కాలిక్యులేటర్ ముందు పెట్టుకుని మూడింటినీ ఒక్క అంకెలోకి దింపాలని చూసి, కుదరక, రాత్రి పదింటికి నాకు ఫోన్ చేశాడు. "ఇందులో ఏది చవక రా?"

నేను పదిహేనేళ్లుగా కాంట్రాక్టు బిల్లులు చూసే ఉద్యోగంలో ఉన్నాను. ఏది చవకో ఇల్లు పూర్తయ్యాకే తెలుస్తుంది బావా, అన్నాను. ఈ రోజు తెలుసుకోగలిగేది వేరే ఉంది. అనుకున్నదానికంటే ఖర్చు ఎక్కువైతే ఆ ఎక్కువ ఎవరి జేబులోంచి పోతుంది అన్నది. ఆ ముగ్గురూ చెప్పింది మూడు రేట్లు కాదు, ఆ ప్రశ్నకి మూడు జవాబులు.

మొదటాయన చెప్పింది ఫిక్స్‌డ్ ప్రైస్, మన భాషలో గంపగుత్త. రెండో ఆయనది కాస్ట్ రీయింబర్సబుల్, అంటే అయిన ఖర్చు ఇచ్చి పైన ఫీజు ఇవ్వడం. మూడోది టైమ్ అండ్ మెటీరియల్స్, రోజు లెక్క. హైవేలకీ సాఫ్ట్‌వేర్ ప్రాజెక్టులకీ రాసే ఒప్పందాలు కూడా చివరికి ఈ మూడింటిలో ఒకటో, వీటి కలగలుపో అవుతాయి. ఇల్లు అయితే అందరికీ తెలిసిన పని కాబట్టి ఇంటి లెక్కతోనే చెబుతాను.

## ముందు చూడాల్సింది: ఖర్చు ఏ దారిలో పెరుగుతుంది

అంచనా దాటిన ప్రతి రూపాయికీ ఒక కారణం ఉంటుంది. ఇంటి పనిలో నేను చూసినంతవరకు అవి నాలుగే.

ఒకటి బజారు. స్టీలు, సిమెంటు ధరలు ఎవరి చేతిలోనూ ఉండవు. 2022 వేసవికి ముందు స్టీలు టన్ను 70 వేలు దాటినప్పుడు, అంతకు ఏడాది, రెండేళ్ల కిందటి రేటుకి ఇళ్లు ఒప్పుకున్నవాళ్ల పరిస్థితి అడకత్తెరలో పోకచెక్కే.

రెండు నేల. తవ్వేదాకా కింద ఏముందో తెలియదు. అయిదడుగుల్లో గట్టి నేల తగులుతుందనుకుంటే ఎనిమిది అడుగుల దాకా నల్లరేగడే ఉండొచ్చు.

మూడు ఓనరు మనసు. గోడలు లేచాక "ఇక్కడో బాత్రూమ్ ఉంటే బాగుండు" అనడం.

నాలుగు పనివాళ్ల తప్పు. గోడ లైను తప్పి కట్టి, పగలగొట్టి మళ్లీ కట్టడం, కలిపిన మాలు సాయంత్రానికి గట్టిపడి పారబోయడం.

ఈ నాలుగింటిలో మూడోది ఓనరు ఆపగలడు, నాలుగోది కాంట్రాక్టరు ఆపగలడు. మొదటి రెండూ ఎవరూ ఆపలేరు, కాకపోతే ఎవరో ఒకరు భరించాలి. ఒప్పందం ఎంచుకోవడమంటే ఈ నాలుగింటినీ పంచుకోవడమే.

బావ ఇంటినే తీసుకుందాం. స్లాబు వైశాల్యం 2,000 చదరపు అడుగులు. కాంట్రాక్టరుకి నిజంగా పడే ఖర్చు 36 లక్షలు అనుకుందాం. ఇప్పుడు నాలుగు రకాల దెబ్బలూ వరసగా తగిలాయనుకోండి.

స్టీలు అడుగుకి 4 కిలోల చొప్పున 8 టన్నులు పడుతుంది. టన్నుకి 15 వేలు పెరిగితే 1.20 లక్షలు. సిమెంటు సుమారు 900 బస్తాలు, బస్తాకి 50 పెరిగితే 45 వేలు. బజారు దెబ్బ మొత్తం 1.65 లక్షలు. పునాది లోతుకి వెళ్లినందుకు 2 లక్షలు. అదనపు బాత్రూమ్‌కి 1.20 లక్షలు. పగలగొట్టి కట్టిన గోడకి 50 వేలు. కలిపితే 36 లక్షల పని 41.35 లక్షలకు చేరింది.

ఒకే ఇల్లు, ఒకే ఖర్చు. ఎవరు కట్టారో చూద్దాం.

## గంపగుత్త: రేటు ఖాయం, మిగతాదంతా కాగితం మీద ఆధారపడి ఉంటుంది

అడుగుకి రెండు వేల చొప్పున 40 లక్షలకి ఒప్పుకున్నారు. కాంట్రాక్టరు మనసులో లెక్క 36 పోగా 4 లక్షలు మిగులుతాయని.

స్టీలు, సిమెంటు పెరిగినది ఆయన మీదే పడింది. గోడ పగలగొట్టిన 50 వేలూ ఆయనవే, అందులో అన్యాయం ఏమీ లేదు. బాత్రూమ్ అసలు ఒప్పందంలో లేదు కాబట్టి "సార్, ఇది ఎక్స్‌ట్రా అవుతుంది" అని 1.60 లక్షలు అడిగాడు. ఖర్చు 1.20 అయినా బేరమాడే చోటు ఓనరుకి లేదు. సగం కట్టిన ఇంట్లోకి వేరే మేస్త్రీని తెచ్చి ఒక్క బాత్రూమ్ కట్టించుకోలేడు కదా.

ఇక పునాది. ఒప్పందంలో లోతు గురించి ఒక్క ముక్క రాయలేదు. ఓనరు "గుత్త అన్నాక గుత్తే" అన్నాడు, కాంట్రాక్టరు మింగాడు. ఓనరు కట్టింది 41.60 లక్షలు. కాంట్రాక్టరుకి అయింది 41.35. నాలుగు లక్షలు మిగులుతాయనుకున్న మనిషికి పాతిక వేలు మిగిలాయి, అదీ ఎనిమిది నెలలు ఎండలో నిలబడ్డాక.

ఓనరు ఇక్కడ గెలిచాననుకుంటాడు. నాకు మాత్రం టెన్షన్ ఇక్కడే మొదలవుతుంది. ఎందుకంటే ఈ నష్టం ఆయనకి చివర్లో ఒక్కసారిగా తెలియదు. పునాది అయిపోగానే తెలిసిపోతుంది, ఇంకా ముప్పావు ఇల్లు ఆయన చేతిలోనే ఉంటుంది. పోయిన రెండు లక్షలు ఎక్కడ రాబట్టుకోవాలా అని చూస్తాడు. స్లాబులో రాడ్ల మధ్య ఆరంగుళాలు ఉండాల్సిన చోట ఏడున్నర పెడతాడు. గోడలో పోయే వైరు ఒక సైజు తగ్గిస్తాడు. ప్లాస్టరింగ్‌కి నీళ్లు ఏడు రోజులు కొట్టాల్సింది మూడు రోజులకే ఆపేస్తాడు. ఇవన్నీ పెయింటు పడ్డాక కనిపించనివి.

గంపగుత్తలో ఓనరుకి ధర రిస్కు తగ్గుతుంది, నాణ్యత రిస్కు పెరుగుతుంది. అందుకే ధర ఖాయమైందని సైటుకి వెళ్లడం మానేసినవాళ్లే ఎక్కువ దెబ్బతింటారు. కాంక్రీటు పోసేముందు రాడ్లను టేపు పెట్టి కొలిచే పని, ఖర్చు మీద ఇచ్చిన ఇంటికంటే గుత్తకి ఇచ్చిన ఇంట్లోనే ఎక్కువ అవసరం.

ఇంకో సంగతి. రిస్కు అవతలివాడి మీద పెట్టామంటే, అవతలివాడి దగ్గర భరించే డబ్బు ఉండాలి. నాలుగు లక్షల లాభం మీద బతికే మేస్త్రీ మీద ఆరు లక్షల నష్టం పడితే ఆయన భరించడు, ఫోన్ ఎత్తడం మానేస్తాడు. అప్పుడు కొత్తవాణ్ణి తెచ్చి ఇంకా ఎక్కువ పెట్టి పూర్తి చేయించేది ఓనరే. కాబట్టి గుత్తకి ఇచ్చేటప్పుడు ఆ మనిషి మీద ఎంత పెట్టగలం అన్నదానికి ఒక హద్దు ఉంది. డబ్బు ఎప్పుడూ పని వెనకే నడవాలి. బేస్‌మెంట్ అయ్యాక ఇవ్వాల్సింది బేస్‌మెంట్ మొదలుపెట్టగానే ఇస్తే, ఆయన వదిలేసి వెళ్లిన రోజు మీ చేతిలో ఏమీ ఉండదు.

మేస్త్రీకే కాదు, పెద్ద కంపెనీకీ ఇదే వర్తిస్తుంది. అమెరికా వైమానిక దళం 2011లో గాల్లోనే ఇంధనం నింపే కేసీ-46 విమానాల పనిని బోయింగ్‌కి ఇచ్చింది. ధరకి ఒక పైహద్దు పెట్టారు, అది దాటితే అంతా కంపెనీదే. డిజైన్ ఇంకా పూర్తికాని విమానం అది. కంపెనీ మీద పడ్డ నష్టం 700 కోట్ల డాలర్లు దాటింది. డబ్బు వరకూ ప్రభుత్వం బయటపడింది నిజమే. కానీ 2017 నాటికి 18 విమానాలు రావాల్సింది, మొదటిది 2019 జనవరిలో వచ్చింది, అదీ ఇంధన గొట్టాన్ని నడిపే కెమెరా వ్యవస్థలో లోపాలతో. ఆలస్యం, లోపం అనే రెండు ముక్కలు ఏ గుత్తలోనూ పూర్తిగా అవతలికి పోవు.

గుత్తకి ఇవ్వాలంటే ముందు కాగితం పని చాలా ఉంటుంది. స్ట్రక్చరల్ డ్రాయింగ్ చేతిలో ఉండాలి. పునాది ఎన్ని అడుగుల వరకు ధరలో కలిసి ఉందో, ఆ పైన అడుగుకి ఎంతో రాయాలి. సంపు, సెప్టిక్ ట్యాంకు, కాంపౌండ్ వాల్, మెట్ల మీది హెడ్‌రూమ్ కలిసి ఉన్నాయో లేదో రాయాలి, గొడవలన్నీ వీటి దగ్గరే వస్తాయి. టైల్స్ అడుగుకి ఎంత రేటువి, గదికి ఎన్ని కరెంటు పాయింట్లు అన్నవి కూడా. "మంచి టైల్స్" అని రాసిన ఒప్పందాన్ని నేను చూశాను. ఎవరి దృష్టిలో మంచివో రాయలేదు.

జీఎస్టీ సంగతి మర్చిపోవద్దు. మెటీరియల్‌తో కలిపి చేసే ఇంటి పని మీద పన్ను 18 శాతం. రిజిస్ట్రేషన్ ఉన్న కాంట్రాక్టరు చివర్లో "జీఎస్టీ వేరే సార్" అంటే 40 లక్షల మీద 7.20 లక్షలు. చెప్పిన రేటులో పన్ను ఉందా లేదా అన్నది మొదటి రోజే ఒక వాక్యంలో రాసుకోవాలి.

## ఖర్చు మీద కమీషన్: దాపరికం లేదు, హద్దూ లేదు

ఇప్పుడు రెండో ఆయన. అయిన ఖర్చు మీద పది శాతం. అంతా సవ్యంగా జరిగితే 36 లక్షలు, 3.60 లక్షల ఫీజు, మొత్తం 39.60. గుత్త కంటే 40 వేలు తక్కువ. బావ కళ్లు మెరిసింది ఇక్కడే.

మన నాలుగు దెబ్బలూ తగిలాక ఖర్చు 41.35 లక్షలు, దాని మీద పది శాతం 4.13 లక్షల పైచిలుకు. బావ కట్టేది సుమారు 45.48 లక్షలు. స్టీలు పెరిగిందీ, నేల లోతుగా ఉన్నదీ, గోడ తప్పు కట్టిందీ అన్నీ ఆయన ఖాతాలోకే. విచిత్రం ఏంటంటే, గోడ పగలగొట్టిన 50 వేల మీద కూడా కాంట్రాక్టరుకి 5 వేల కమీషన్ వచ్చింది. తప్పు చేసినందుకు బహుమానం.

ఈ శాతం పద్ధతిలో ఉన్న అసలు జబ్బు ఇదే. ఖర్చు పెరిగితే ఫీజు పెరుగుతుంది. మనిషి ఎంత నిజాయితీపరుడైనా, టన్నుకి వెయ్యి తక్కువకి స్టీలు దొరుకుతుందా అని నాలుగు షాపులు తిరిగే పని ఎందుకు పెట్టుకుంటాడు? తిరిగితే ఆయన ఫీజే తగ్గుతుంది. అమెరికాలో కేంద్ర ప్రభుత్వ ఒప్పందాల్లో ఈ ఖర్చు మీద శాతం పద్ధతిని చట్టమే నిషేధించింది. ఖర్చు తిరిగి ఇచ్చే ఒప్పందాలు అక్కడ ఉన్నాయి కానీ ఫీజు శాతంగా ఉండకూడదు.

మందు చాలా తేలిక. శాతం తీసేసి ఫీజుని ఒక అంకెగా ఖాయం చేయండి. 3.60 లక్షలు, ఖర్చు ఎంతైనా అంతే. అప్పుడు బావ కట్టేది 44.95 లక్షలు. కాంట్రాక్టరు తప్పు వల్ల మళ్లీ చేసిన పని ఖర్చులోకి రాదని ఒక వాక్యం చేరిస్తే 44.45. పనిని సాగదీసినా ఆయనకి పైసా పెరగదు కాబట్టి తొందరగా ముగించి ఇంకో సైటుకి పోవాలనే చూస్తాడు. పెద్ద ప్రాజెక్టుల్లో ఇంకో మెట్టు ఎక్కి, ఒక లక్ష్య ఖర్చు పెట్టుకుని దాటినదాన్నీ మిగిలినదాన్నీ ఇద్దరూ పంచుకుంటారు. ఇంటి పనికి అంత లెక్క ఎవరూ పెట్టుకోరు, దాన్ని వదిలేద్దాం.

గుత్తకి 41.60, దీనికి దాదాపు 45. అయినా ఎవరైనా దీన్ని ఎందుకు ఎంచుకోవాలి? ఎందుకంటే ఆ మూడు లక్షల పైచిలుకు తేడా గాల్లోంచి పుట్టలేదు. గుత్తలో అది కాంట్రాక్టరు కడుపులోంచి వచ్చింది, అందులో కొంత మీ స్లాబులోంచి తీసి ఉండొచ్చు. ఇక్కడ రాడ్లు తగ్గించే అవసరం ఆయనకి లేదు. స్టీలు పడిపోతే ఆ లాభం మీదే. మధ్యలో బాత్రూమ్ కావాలన్నా, కిచెన్ అటు తిప్పాలన్నా ఎక్స్‌ట్రా గొడవ లేదు, అయిన ఖర్చు ఇస్తే సరి.

దీనికి మీరు కట్టాల్సింది ఓపిక. ప్రతి బిల్లూ చూడాలి. చూడటమంటే టోటల్ కూడటం కాదు. ఉదాహరణకి స్టీలు లారీ వచ్చింది, చేతిలో కాటా స్లిప్పు ఉంది, మూడు టన్నులు అని. అది నిజమో కాదో సైటులోనే తేలిపోతుంది. రాడ్డు మీటరు బరువు ఇలా వస్తుంది, D మిల్లీమీటర్లలో:

```
kg/m = D × D / 162
```

12 ఎంఎం రాడ్డు మీటరుకి 0.889 కిలోలు. 12 మీటర్ల పొడవు రాడ్డు 10.67 కిలోలు. అంటే టన్నుకి దాదాపు 94 రాడ్లు. మూడు టన్నుల స్లిప్పు ఉంటే 280 రాడ్ల చుట్టూ దిగాలి. అయిదారు అటూ ఇటూ అయితే తయారీలో తేడా అనుకోవచ్చు. 250 దిగాయంటే కాటా దగ్గరో, దారిలోనో ఏదో జరిగింది. మా బావకి ఇది చెప్పాక లారీ దిగేటప్పుడు కుర్చీ వేసుకుని కూర్చుని సుద్దముక్కతో గీతలు పెట్టడం మొదలుపెట్టాడు.

అలా కూర్చునే మనిషి ఇంట్లో లేకపోతే ఈ పద్ధతి జోలికి పోవద్దు. డల్లాస్‌లో ఉద్యోగం చేస్తూ గుంటూరులో అమ్మానాన్నల కోసం ఇల్లు కట్టిస్తున్నవాళ్లు చాలామంది ఇందులోకే దిగుతారు, "తెలిసినాయనే, నమ్మకస్తుడు" అని. నెలనెలా వాట్సాప్‌లో బిల్లుల ఫొటోలు వస్తాయి. ఫొటోలో బిల్లు కనిపిస్తుంది, లారీ కనిపించదు.

## రోజు లెక్క: రేటు ఖాయం, రోజులు ఖాయం కావు

మూడో ఆయన పద్ధతిలో కొత్త ఇల్లు మొత్తం కట్టించమని ఎవరికీ చెప్పను. పాత ఇంటి రిపేరుకి మాత్రం తరచూ ఇదే సరైనది.

ఒక డాబా కారుతోంది. మేస్త్రీ చూసి పన్నెండు రోజుల పని అన్నాడు. ఒక మేస్త్రీ, ఇద్దరు కూలీలు, రోజుకి 2,800, మొత్తం 33,600. పైన సున్నం పొర తవ్వాక కింద రాడ్లు తుప్పు పట్టి ఉన్నాయి. పని పందొమ్మిది రోజులు నడిచింది, కూలీ 53,200. ఇందులో మేస్త్రీ తప్పు లేదు, తవ్వకుండా ఎవరికీ తెలిసేది కాదు. ఇదే పనిని గుత్తకి అడిగి ఉంటే, తెలియని ఆ తుప్పుకి భయపడి మొదట్లోనే 60 వేలు చెప్పేవాడు, తుప్పు లేకపోయినా ఆ అరవై వేలూ పోయేవి. లేదా 35 వేలకి ఒప్పుకుని, తుప్పు రాడ్ల మీద సిమెంటు మెత్తి వెళ్లిపోయేవాడు.

రోజు లెక్కలో రిస్కు రెండుగా చీలుతుంది. ఒప్పుకున్న రోజు కూలీ మధ్యలో పెరిగితే అది మేస్త్రీ చూసుకుంటాడు, ఎన్ని రోజులన్నది మీ నెత్తిన. పది గంటలకి వచ్చి నాలుగింటికి చేతులు కడుక్కున్నా రోజు రోజే. కాబట్టి రోజుల్ని కాదు, రోజులో అయిన పనిని రాసుకోవాలి. ఒక మేస్త్రీ ఇద్దరు కూలీలతో మామూలు గోడ అయితే రోజుకి అయిదారు వందల ఇటుకలు కడతాడు. మూడు రోజులుగా మూడు వందలే పడుతుంటే నాలుగో రోజు అడగాలి, నెలాఖరున కాదు.

దీనికి ఒక పైహద్దు పెట్టుకోవడం మేలు. "నలభై వేలు దాటేముందు ఆపి నాకు చెప్పాలి, నేను ఒప్పుకున్నాకే ముందుకి" అని. తుప్పు బయటపడిన రోజే ఆ మాట వస్తుంది, మీరు వెళ్లి చూస్తారు. హద్దు లేకపోతే పని అయ్యాకే తెలుస్తుంది, అప్పటికి తడిసి మోపెడవుతుంది.

హైదరాబాద్ సాఫ్ట్‌వేర్ కంపెనీల్లో పనిచేసేవాళ్లకి ఇది కొత్తేమీ కాదు. గంటకి ఇన్ని డాలర్లని బిల్లింగ్ అయ్యే ప్రాజెక్టులో క్లయింటు కొత్త ఫీచర్ అడిగితే మేనేజర్ నవ్వుతాడు. ఫిక్స్‌డ్ బిడ్ ప్రాజెక్టులో అదే ఫీచర్ అడిగితే టీమ్‌కి శనివారాలు పోతాయి. రిస్కు ఎటు ఉందో మేనేజర్ మొహం చూస్తేనే తెలుస్తుంది.

## మనవాళ్లు ఎక్కువగా చేసేది: లేబర్ కాంట్రాక్టు

ముగ్గురూ చెప్పని నాలుగో పద్ధతి మన ఊళ్లలో బాగా చెలామణిలో ఉంది. సామాను ఓనరు కొంటాడు, పనికి మాత్రం అడుగుకి ఇంతని మేస్త్రీకి గుత్త. సగం గుత్త, సగం ఖర్చు పద్ధతి అన్నమాట. సొంతానికి కట్టుకునే ఒక్క ఇంటికి, మెటీరియల్ లేకుండా కూలీ పని మాత్రమే అయితే జీఎస్టీ మినహాయింపు ఉంది, అది ఒక పెద్ద ఆకర్షణ.

ఇందులో బజారు రిస్కు పూర్తిగా ఓనరుది. పని నెమ్మదిగా నడిచే రిస్కు మేస్త్రీది, రోజు లెక్కలా సాగదీయడు. కానీ మధ్యలో ఒక ముక్క ఎవరి లెక్కలోకీ రాకుండా జారిపోతుంది: వృథా. సిమెంటు తనది కాదు కాబట్టి మేస్త్రీ పొదుపు చేయడు, అక్కడ లేడు కాబట్టి ఓనరు చూడడు. ఇటుక సగానికి విరగ్గొట్టి పడేయడం, ప్లాస్టరింగ్ కావాల్సినదానికి రెట్టింపు మందం మెత్తడం ఈ పద్ధతిలోనే ఎక్కువ. గోడ వంకరగా కట్టి, ఆ వంకరని మీ సిమెంటుతో సరిచేస్తాడు. ఖాళీ బస్తాలు లెక్కపెట్టుకోండి. 2,000 అడుగుల ఇంటికి 900 దగ్గర ఆగాల్సింది స్లాబు దాకా వచ్చేసరికే 700 అయిపోతే, ఎక్కడ పోతున్నాయో కనుక్కోవాలి.

## నాలుగు దెబ్బలు, ఎవరి జేబు

| ఖర్చు పెరిగిన కారణం | గంపగుత్త | ఖర్చు మీద ఫీజు | రోజు లెక్క | లేబర్ కాంట్రాక్టు |
|---|---|---|---|---|
| స్టీలు, సిమెంటు ధర | కాంట్రాక్టరు | ఓనరు | ఓనరు | ఓనరు |
| నేల లోతు, తవ్వితే బయటపడినవి | రాసుకున్న దాన్ని బట్టి. రాయకపోతే గొడవ | ఓనరు | ఓనరు | సామాను ఓనరుది, కూలీకి బేరం |
| ఓనరు మార్పులు | ఓనరు, కాంట్రాక్టరు చెప్పిన రేటుకి | ఓనరు, అసలు ఖర్చుకి | ఓనరు, అసలు ఖర్చుకి | ఓనరు |
| పనివాళ్ల తప్పు, ఆలస్యం | కాంట్రాక్టరు | రాయకపోతే ఓనరు | ఓనరు | కూలీ మేస్త్రీది, సామాను ఓనరుది |
| ఓనరు కాపలా కాయాల్సింది | నాణ్యతకి | బిల్లులకి | గంటలకి | వృథాకి |

నా మట్టుకు నేను చివరి వరసే ముందు చదువుతాను. ఏ పద్ధతిలోనూ కాపలా తప్పదు, దేనికి కాయాలన్నదే మారుతుంది. మీకు ఏది చేతనవునో మీకే తెలుసు.

బ్యాంకు లోను మీద కడుతూ, ఒక్క లక్ష దాటినా ఎక్కడినుంచి తేవాలో తెలియనివాళ్లకి గుత్తే దిక్కు. అయితే డ్రాయింగులు పూర్తయ్యాకే, రాడ్లు కొలిచే ఇంజినీరుకి నాలుగు విజిట్లకి డబ్బు పక్కన పెట్టుకున్నాకే. ఇల్లు ఎలా ఉండాలో ఇంకా తేలనివాళ్లు, కడుతూ కడుతూ మార్చుకునే అలవాటున్నవాళ్లు గుత్త జోలికి పోవద్దు, ఎక్స్‌ట్రాలకే ఆస్తి కరుగుతుంది. వాళ్లకి ఖాయమైన ఫీజుతో ఖర్చు పద్ధతి నయం. రిటైరై ఊళ్లోనే ఉండి, పొద్దున్నే సైటుకి వెళ్లి కూర్చోగలిగినవాళ్లకి లేబర్ కాంట్రాక్టు బాగా కలిసొస్తుంది.

విదేశాల్లో ఉన్నవాళ్లకి నేను గుత్తే చెబుతాను, కానీ ధరలో ఆరు లక్షలు తక్కువ చెప్పినవాడికి కాదు. అందరూ 40 చెబుతున్న పనికి 34 చెప్పినవాడు రిస్కు తీసుకోవడం లేదు, లెక్క తప్పాడు లేదా ఎక్స్‌ట్రాల మీద ఆశ పెట్టుకున్నాడు.

## బావ చివరికి ఏం రాసుకున్నాడు

ఆ వీధిలో రెండు ఇళ్ల అవతల కట్టినవాళ్లని అడిగితే పునాది తొమ్మిదడుగులు పోయిందన్నారు. దాంతో మొదటాయన గుత్త మాటని రెండు ముక్కలు చేశాం. నేల కింద తెలియనిది ఉన్నంతవరకు గుత్త లేదు. బేస్‌మెంట్ దాకా అయిన ఖర్చు, పైన ఖాయంగా ఒక లక్ష ఫీజు. బేస్‌మెంట్ పైన అంతా తెలిసిన పనే, అక్కడినుంచి గుత్త. మొత్తానికి 40 అనుకున్న లెక్కలోంచి బేస్‌మెంట్ దాకా అయ్యే భాగాన్ని తీసేసి, పైభాగానికి విడిగా ధర కట్టాం.

స్టీలుకి ఇంకో వాక్యం పెట్టాం. ఒప్పందం రోజు టన్ను ధర రాసుకుని, అయిదు వేల లోపు తేడా వస్తే కాంట్రాక్టరుది, ఆ పైన పెరిగినా తగ్గినా ఓనరుది. "తగ్గినా" అన్న మాట దగ్గర కాంట్రాక్టరు కాసేపు ఆగాడు. తర్వాత సంతకం పెట్టాడు. టన్నుకి 15 వేలు పెరిగితే ఆయన మీద పడేది 5 వేలు, మిగతా 10 వేలు బావది. స్లాబు దగ్గర రాడ్లు తగ్గించాలనే ఆలోచన రాకుండా ఉండటానికి టన్నుకి ఆ 10 వేలు ఎక్కువ కాదని నేనన్నాను, బావ కాసేపు గొణిగి ఒప్పుకున్నాడు.

మిగిలింది మార్పుల సంగతి. ఎక్స్‌ట్రా ఏదైనా పని మొదలయ్యేముందే రేటుతో సహా పుస్తకంలో రాసి ఇద్దరూ సంతకం పెట్టాలి, లేకపోతే దానికి డబ్బు లేదు అని రాశాం. ఆ పుస్తకంలో ఇప్పటికి రెండు పేజీలు నిండాయి. రెండూ మా అక్క రాయించినవే.